మిరపకాయల మీద పడ్డ మనిషి

టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ డాక్టరుగా చేరిన కొత్తలో నేను జ్వరాలకు సిద్ధపడి వెళ్లాను. ఎండలు ముదిరేసరికి జ్వరాల కంటే పడిపోయినవాళ్లు ఎక్కువైపోయారు. బీడీలు చుట్టే తునికాకు కోస్తూ పడ్డవాళ్లు, బియ్యం కోసం వరుసలో నిలబడి పడ్డవాళ్లు, పొద్దున్నే మంచం మీంచి చటుక్కున లేచి పడ్డవాళ్లు. ఒక ముసలాయన తన బీపీ గోళీ మింగి, అది సరిగ్గా పనిచేస్తోందో లేదోనని ముసలమ్మ గోళీ కూడా మింగి, లేచి నిలబడగానే గడప మీద కూలబడ్డాడు. పడుకున్నప్పుడు ఉన్న బీపీ, నిలబడగానే సగానికి దిగింది. నేను తిడుతుంటే, "ఇంట్ల గోళీలు పారేయద్దు గద మేడం" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా సిబ్బంది అంటారు. ఉండక ఏం చేస్తుంది? మా చుట్టుపక్కల ఊళ్లలో ఒక పట్టింపు ఉంది. సోయి తప్పినవాడిని కింద పడుకోబెట్టకూడదు. పడుకోబెట్టేది పోయినవాళ్లనేనట. అందుకని మనిషి పడీ పడకముందే నలుగురు చంకల కింద చేతులేసి నిలబెడతారు. ఒకరు ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెడతారు, ఒకరు గుప్పిట్లో ఇనుప తాళంచెవులు పెడతారు. నిజానికి మామూలుగా సొమ్మసిల్లిన మనిషికి కింద పడటమే సగం వైద్యం. తల కిందికి వస్తే నెత్తురు మెదడుకు చేరుతుంది. నిలబెడితే చేరదు. వీళ్లు నిలబెడుతూనే ఉంటారు, అతనికి మళ్లీ మళ్లీ సోయి తప్పుతూనే ఉంటుంది, రోగం ముదిరిందని వీళ్లు ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

ఆ రోజు అలాగే ఒక పెద్ద మనిషిని మోసుకొచ్చారు. పెద్ద అంటే వయసు కాదు, ఆకారం. మా గుమ్మంలో పక్కకు తిరిగితే తప్ప పట్టలేదు. పొలంలో కొడవలి వేలికి తగిలి చిన్న గాయమైంది. నెత్తురు చూసి పడ్డాడు. ఊళ్లో నిలబెట్టారు, పడ్డాడు. ఆటోలో నిటారుగా కూర్చోబెట్టారు, పడ్డాడు. కుడివైపు అతని బరువంతా భుజాన వేసుకుని వచ్చింది అతని భార్య. సన్నటి మనిషి. దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నట్టుంది, లోపలికి వచ్చాక కూడా ఆపలేదు.

"జల్దీ ఖమ్మం తోలుండ్రి మేడం. ఈయనకు గుండె జబ్బే. మొన్న బ్యాంకు కాడ వరుసల గూడ గిట్లనే పడ్డడు."

"ముందు కింద పడుకోబెట్టండి."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను గొంతు పెంచాను. పడుకోబెట్టి, కాళ్లు స్టూలు మీద పెట్టించాను. కాసేపటికి అతని మొహంలోకి రంగు వచ్చింది. కళ్లు తెరిచి, గుప్పిట్లో ఉన్న తాళంచెవుల గుత్తి చూసి, ఇదెవరిదని అడిగాడు.

పడే ముందు ఏమైందని అడిగితే వివరంగా చెప్పాడు. ముందు ఆవలింతలు వస్తాయట, చెమట పోస్తుందట, కడుపులో తిప్పుతుందట, చెవుల్లో తుమ్మెద మోగుతుందట, చూపు మసకబారుతుందట. ఇంత ముందస్తు కబురు పంపి మరీ పడటం మామూలుగా భయపెట్టేది కాదు. నెత్తురు చూసినా, నొప్పి పుట్టినా, ఎండలో గంటలకొద్దీ నిలబడినా కొందరి ఒళ్లు పొరపాటు పడి నాడిని, బీపీని ఒక్కసారి దించేస్తుంది. అయినా నాడి చూశాను, గుండె చప్పుడు విన్నాను. మా ఈసీజీ మిషన్ మీది పూలగుడ్డ తీయించి పరీక్ష కూడా చేశాను. అంతా బాగుంది. "నీకేం లేదు. అలా అనిపించగానే కూర్చో, లేదంటే పడుకుని కాళ్లు ఎత్తిపెట్టుకో" అన్నాను. తనకేమీ లేదన్నందుకు అతను కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

అప్పుడు నేను భార్య మొహం సరిగా చూశాను. ఎడమ కనుబొమ్మ మీద నల్లగా కమిలింది. పెదవి చిట్లింది. ముందు పన్ను సగం లేదు.

ఇలాంటి మొహాలు నేను చాలా చూశాను. నా రక్తం మరిగింది. ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి అడిగాను. "ఎవరు కొట్టారమ్మా? ఆయనేనా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గాయననా? కోడిని కోస్తుంటే ఇంటెనక్కి పోయి కూసుంటడు మేడం. నన్నేం కొడతడు? నేనే పడ్డ."

"ఎలా పడ్డావు?"

"కల్లంల కూసోని మిరపకాయలల్ల తెల్లబడ్డ తాలుకాయ ఏరుతున్న. మా ఆడబిడ్డతోని ముచ్చట పెడుతున్న. కండ్లు తెరిచేసరికి నా మొఖం మిరపకాయలల్ల ఉంది. కండ్లు మండుడు జూడాలె. ఘాటుకు గట్లయిందన్నరు."

"కూర్చునే ఉన్నావా? పడే ముందు చెమటలు, కళ్లు తిరగడం ఏమైనా?"

"ఏం లేదు. ముచ్చట సగంల ఉంది, గంతే."

"పన్ను?"

"గది అంతకుముందు. బోరు కాడ బిందె ఎత్తుకొని వస్తుంటే. రాయి తగిలిందనుకున్న. తర్వాత జూస్తే ఆడ రాయే లేదు."

నా కోపం దిగిపోయింది. దాని స్థానంలో భయం వచ్చింది. నిలబడి పడటం వేరు, కూర్చుని పడటం వేరు. బరువు మోస్తూ నడుస్తుంటే పడటం ఇంకా అనుమానించాల్సిన సంగతి. అన్నిటికంటే ఆ మొహం. తూలుతున్నానని తెలిసిన మనిషి చేతులు ముందుకు చాపుతుంది, అరచేతులు గీరుకుంటాయి. ఈమె అరచేతుల మీద ఒక్క గీరు కూడా లేదు. దెబ్బలన్నీ మొహానికే. అంటే చేతులు చాపేంత వ్యవధి కూడా ఆమెకు దొరకలేదు. దీపం ఆర్పినట్టు పోయింది, మళ్లీ వెలిగింది. ఇలా పడటం వెనక గుండె జబ్బు ఉండొచ్చు. అదే అయితే, ఒకసారి వెలగకుండా ఉండిపోవచ్చు.

"మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఉన్నారా?"

"లేరు మేడం. మావోళ్లు మస్తు ఏండ్లు బతుకుతరు. బతికి కోడండ్లను సతాయిస్తరు."

సిస్టర్ వేలికి పెట్టే మిషన్ తెచ్చి పెట్టింది. నాడి ముప్పై నాలుగు అని చూపించింది. "బ్యాటరీ అయిపోయింది మేడం" అని సిస్టర్ బ్యాటరీలు మార్చింది. ముప్పై నాలుగే. తన వేలికి పెట్టుకుంటే తొంభై దాటింది. మళ్లీ ఆమెకు పెడితే ముప్పై నాలుగు. "ఈ మిషన్‌కు ఈమెంటే పడతలేదు" అంది సిస్టర్. నేను మణికట్టు పట్టుకున్నాను. మిషన్ అబద్ధం చెప్పడం లేదు. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఎదురుచూడాల్సి వచ్చింది.

ఆమెను మంచం మీద పడుకోబెట్టి ఈసీజీ తీశాం. కాగితం మీద గుండె పై గదులు తమ లెక్కన తాము కొట్టుకుంటున్నాయి, కింది గదులు తమ లెక్కన తాము నిదానంగా కొట్టుకుంటున్నాయి. ఒకే ఇంట్లో ఉంటూ మాటలు లేని మొగుడూ పెళ్లాల్లాగా. పైనుంచి కిందికి పోయే కబురు పూర్తిగా తెగిపోయింది. దీన్ని పూర్తి హార్ట్ బ్లాక్ అంటాం. కింది గదులు కాసేపు ఊరుకుంటే మనిషి పడిపోతుంది. ఊరుకునే ఉంటే మనిషి ఉండదు.

నేను అంబులెన్సుకు ఫోన్ చేయించి, ఆమెను మంచం దిగొద్దన్నాను.

"నేనెందుకు మేడం ఖమ్మం? పడ్డది ఆయన గద."

ఆయన గుమ్మం దగ్గర వేలికి కట్టుతో నిలబడి ఉన్నాడు. సంగతి అర్థం కాలేదు గానీ, ఖమ్మం తను పోవడం లేదని మాత్రం అర్థమైంది.

"కల్లంల కాయ ఆరబోసి వచ్చిన. మొగులైతుంది మేడం, వానొస్తది. పట్టా కప్పకపోతే కాయంత..."

ఆగిపోయింది. కళ్లు పైకి వెళ్లాయి. మొహం పాలిపోయింది. మెడ దగ్గర వేలు పెట్టాను. నాడి లేదు. నేను పేరు పెట్టి పిలిచాను, పలకలేదు. రెండు చేతులూ ఆమె ఛాతీ మీద వేసి నొక్కడం మొదలుపెట్టాను. సిస్టర్ మందు కోసం పరిగెత్తింది. నేను అప్పటిదాకా మొక్కని దేవుళ్లందరికీ మొక్కాను.

ఆమె మొహంలోకి ఒక్కసారిగా ఎర్రగా నెత్తురు పొంగింది.

"...తాలైతది" అంది. తర్వాత నా చేతుల వైపు చూసింది. "ఎందుకు గుద్దుతున్నరు మేడం?"

"నువ్వు పడిపోయావమ్మా."

"ఎక్కడ పడ్డ? పండుకొనే ఉన్న గద."

ఆ మాటలోనే రోగం మొత్తం ఉంది. పడుకున్న మనిషికి కూడా సోయి పోయింది. నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఏడుపే ఎక్కువ వచ్చింది, సిస్టర్ చూడకుండా తుడుచుకున్నాను.

అప్పుడు గుమ్మం వైపు చూస్తే భర్త నిలబడి లేడు. కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కాళ్లు స్టూలు మీద ఉన్నాయి. ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకున్నాడు. చెమటలు కారుతున్నాయి. పైకప్పు వైపు చూస్తూ, "మాట్లాడే, ఆపకు, మాట్లాడే" అంటున్నాడు.

ఆమె మాట్లాడింది. మా ఆశా కార్యకర్త ఫోన్ చేసి మిరపకాయల మీద పట్టా కప్పించేదాకా మాట్లాడింది. ఎల్లందు మీదుగా ఖమ్మం పోయేదాకా అంబులెన్సులో మాట్లాడుతూనే ఉంది. నేను మానిటరు మీంచి చూపు తిప్పలేదు. ఆమె నోరు ఆడుతున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉంది. ఖమ్మంలో ముందు తాత్కాలికంగా తీగ వేసి గుండెను నడిపించారు. తర్వాత భుజం కింద చర్మంలో పేస్‌మేకర్ పెట్టారు.

వానలు మొదలయ్యాక ఇద్దరూ మా దగ్గరికి వచ్చారు. ఆమెకు కొత్త పన్ను. అతనికి షుగరు పరీక్ష. సిస్టర్ సూది తీయగానే అతను ఆవలించాడు. వెంట వచ్చినవాళ్లు నిలబెట్టడానికి లేచారు. ఆమె వాళ్లను ఆపి, అతన్ని నేల మీద పడుకోబెట్టి, కాళ్లు తన ఒళ్లో పెట్టుకుంది.

"ఉండనియ్యుండ్రి మేడం. ఇది భయపడే పడుడు గాదు" అని చెప్పి, ఆ ఏడు పెట్టిన ఆవకాయ గురించి మొదలుపెట్టింది. కాయ ఎక్కడ దొరికింది, కారం ఎంత, ఉప్పు... అక్కడ ఆగింది.

పడుకున్న మనిషి ఒక్క ఉదుటున లేచి కూర్చుని ఆమె భుజం పట్టుకున్నాడు. మొహం తెల్లగా ఉంది. "ఏమైందే?"

"ఉప్పు ఎంతేసిన్నో యాద్ చేస్తున్న."

అతను ఆమె మొహం ఇంకాసేపు చూశాడు. తర్వాత మెల్లగా వెనక్కి వాలి, కాళ్లు మళ్లీ ఆమె ఒళ్లో పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

"యాద్ చేసుడు గూడ మాట్లాడుకుంటనే చెయ్యి" అన్నాడు.