బాగ్‌బేరాకు మిగిలిన ఆ చిన్న గడి

ఆ ఏడాది ప్రాజెక్టు రిపోర్టు నేను నలభై పేజీలు రాశాను. దాన్ని ఎవరూ చదవలేదు. మధ్యలో ఒక పట్టిక తలకిందులుగా అచ్చయింది. దాని గురించి ఒక్కరూ అడగలేదు కాబట్టి చదవలేదని తెలిసింది.

మాది జంషెడ్‌పూర్‌లో చిన్న స్వచ్ఛంద సంస్థ. ఆఫీసు సిద్ధగోరాలో. ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే సెంటర్లు మూడున్నాయి: ఆఫీసు పక్కన ఒకటి, బిర్సానగర్‌లో ఒకటి, బాగ్‌బేరాలో ఒకటి. డబ్బిచ్చేది బయటి ఊరి ఫౌండేషన్. రిపోర్టులు, ఖర్చుల లెక్కలు నావి. మా కోఆర్డినేటర్ నాకన్నా బాగా చిన్నవాడు. టాటానగర్ రైల్వేలో స్థిరపడ్డ తెలుగు కుటుంబమే, తెలుగు బాగా అర్థమవుతుంది, కానీ నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తాడు. చేరిన మొదటి రోజే నన్ను అందరి ముందు ఆంటీ అన్నాడు. ఆ రోజు నేను కట్టుకున్న చీర రంగు కూడా నాకు గుర్తుంది.

ఆ నలభై పేజీలు పంపిన వారానికి ఫౌండేషన్ వాళ్లు ఒక ఫారం పంపారు. ఇకమీదట ఒక్క పేజీయే, ఈ ఏడాదిది కూడా. మూడు గడులు: ఏ పని చేశారు, ఎంతమందికి చేరింది, బడ్జెట్‌లో ఎంత ఖర్చయింది. అడుగున వివరణకు ఓ చిన్న గడి. అందులో మూడు వందల అక్షరాలు దాటితే కంప్యూటర్ తీసుకోదు. దాన్ని చూసి వచ్చే ఏడాది ఏ సెంటరు ఉంచాలో, ఏది మూసేయాలో తేలుస్తారట.

మొదటి గడి తొందరగానే నిండింది. ఎన్ని బ్యాచ్‌లు నడిపాం, ఎన్ని రోజులు పాఠం జరిగింది, ఎన్ని మిషన్లు బాగు చేయించాం. రెండో గడి దగ్గర బాగ్‌బేరా అడ్డొచ్చింది.

ప్రతి సెంటరుకూ ముప్పై సీట్లు. కోర్సు పూర్తి చేసినట్టు లెక్కలోకి రావాలంటే ముప్పావు వంతు రోజులు రావాలి, చివరి పరీక్ష కూడా పాసవ్వాలి. ఒప్పందంలో అలాగే ఉంది. మిగతా రెండు సెంటర్లలో ముప్పైలో పాతికమందికి పైగా పూర్తిచేశారు. బాగ్‌బేరాలో తొమ్మిదిమంది. ఖర్చు మాత్రం మూడు చోట్లా దాదాపు ఒకటే. అంటే కోర్సు పూర్తి చేసిన మనిషికి పడ్డ ఖర్చు బాగ్‌బేరాలో మిగతా చోట్లకు మూడింతలు. ఒక్క పేజీలో అది తప్ప ఇంకేమీ కనబడదు.

కారణం నాకు తెలుసు, టీచరుకు తెలుసు, అక్కడి రైల్వే కాలనీలో అందరికీ తెలుసు. పాఠం ఉదయం పూట. కుళాయి నీళ్లొచ్చేదీ ఆ వేళే. ఇంట్లో ఇద్దరు కోడళ్లుంటే ఒకరు కుళాయి దగ్గర ఉండాలి. అందుకని తోటికోడళ్లు ఒక్క సీటు తీసుకుని వంతులేసుకున్నారు. ఈ రోజు పెద్దకోడలు, రేపు చిన్నకోడలు. ఇంటికొచ్చాక నేర్చుకున్నది ఒకరికొకరు చెప్పుకుంటారు. చివర్లో టీచరు ఇద్దరి చేతా జాకెట్టు కత్తిరించి కుట్టించింది. చాలామందికి బాగా కుదిరింది. కానీ సీటు ఉన్నది ఒకరి పేరు మీద, ఆమె వచ్చింది సగం రోజులే.

టీచరు దగ్గరికి వెళ్లాను. శ్రీకాకుళం వైపు మనిషి. మాటలో, మనసులో రెండిట్లోనూ మెత్తదనం లేదు.

"వచ్చింది ఆ ఇంటి మనిషే కదా, హాజరు వేసేస్తే పోయేది కదమ్మా" అన్నాను.

"ఏటమ్మా ఆ మాట? రాని మనిసికి వచ్చినట్టు ఎలగెయ్యమంతావు? నువ్వే కదేటి పోయినేడు వచ్చి, ఉన్నది ఉన్నట్టు రాయకపోతే ఊరుకోనని నామీద కేకలేసినావు!"

వేశాను. కేకలు కావు, గట్టిగా చెప్పాను.

"సెంటరు మూసెత్తారా?" అంది, కత్తెర ఆపకుండానే.

"బిర్సానగర్ సెంటర్లో కలిపేద్దామంటున్నాడు కోఆర్డినేటర్."

"ఇక్కడోళ్లు రెండాటోలు మారి బిర్సానగర్ ఎల్తారా? సెప్పు. కుళాయిని కూడా సంకనెట్టుకెల్లాలేటి?"

ఆఫీసుకొచ్చి అదే చెప్పాను. కోఆర్డినేటర్ కుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ విన్నాడు.

"ఆంటీ జీ, హాజిరీ జోడ్ దీజియే నా" అన్నాడు. రోజువారీ హాజరంతా కూడేసి, అదే లబ్ధిదారుల సంఖ్యగా పెట్టేయమని. అలా పెడితే అంకె వేలల్లోకి పోతుంది, బాగ్‌బేరా అందులో మునిగిపోతుంది, ఎవరికీ కనపడదు.

"ఒకే మనిషి వంద రోజులొస్తే వందమందా?" అన్నాను.

"కౌన్ గినేగా?"

"లెక్కపెట్టేదాన్ని నేనే కదా."

నవ్వాడు. అదీ గుర్తుపెట్టుకున్నాను.

చివరికి ఇలా రాశాను. పూర్తిచేసినవాళ్లు తొమ్మిదిమంది. ఒప్పందంలో మాట మన ఇష్టానికి మార్చడానికి లేదు. లబ్ధిదారుల గడిలో మాత్రం సీట్లు కాకుండా మనుషుల్ని రాశాను, ఎవరినీ రెండుసార్లు లెక్కపెట్టకుండా. బాగ్‌బేరాలో నేర్చుకున్నవాళ్లు యాభైకి పైనే. ముప్పై సీట్లలో యాభైమంది ఎందుకున్నారో అడుగున చెప్పాలి. అక్కడ ఇంకో చిక్కు.

బడ్జెట్ గడిలో ఏ పద్దయినా అనుకున్నదానికీ ఖర్చుకీ పదోవంతుకు మించి తేడా ఉంటే కారణం ఆ అడుగు గడిలోనే రాసి తీరాలి. మెటీరియల్ సరిపోయింది, టీచర్ల గౌరవ వేతనం సరిపోయింది. ప్రయాణాల పద్దులోనే పావు వంతు మిగిలింది. అవి నా ఆటో డబ్బులు. ఏడాదంతా సెంటర్ల చుట్టూ తిరిగాను. రసీదులు లేవని కోఆర్డినేటర్ నా బిల్లులన్నీ తిప్పి పంపాడు. షేర్ ఆటోవాడు రసీదు ఇస్తాడా? ఈ తేడాకు కారణంగా "పొదుపు" అని రాయమన్నాడు.

ఆ చిన్న గడి కోసం నేను ఏడాదిగా ఎదురుచూస్తున్నట్టే లెక్క. నేను పెట్టిన బిల్లులు, అతను ఆ కాగితాల మీద గీసిన ఎర్ర గీతలు, ఒకసారి వానలో జుగ్‌సలాయి దాకా నడిచిన సంగతి, అన్నీ రాశాను. కంప్యూటర్ తీసుకోలేదు. ఆటోల సంగతి కొంచెం తగ్గించాను, కోడళ్ల సంగతి పట్టలేదు. ఇంకా తగ్గించాను. వాన తీసేశాను. ఎర్ర గీతలు తీసేశాను. వాటిని తీసేటప్పుడు కాస్త ఆగాను. చివరికి నా ఏడాది అంతా ఇంగ్లీషులో మూడు మాటలైంది: ఆటో బిల్లులు తిరస్కరించారు. మిగిలిన చోటంతా కుళాయికీ కోడళ్లకీ ఇచ్చాను. చివరి పరీక్షలో ఇద్దరిద్దరూ పాసైన ఇళ్ల సంఖ్య కూడా పట్టింది.

కోఆర్డినేటర్ చదివి, "పొదుపు" అన్న మాట లేదన్నాడు. చోటు లేదన్నాను. అది నిజం. పంపేశాడు.

నెల తర్వాత జవాబొచ్చింది. బాగ్‌బేరా సెంటరు ఉంటుంది. ఉదయం ఒక షిఫ్టు, మధ్యాహ్నం ఒక షిఫ్టు, షిఫ్టుకు ముప్పై చొప్పున సీట్లు అరవై. రెండో షిఫ్టుకు టీచరు గౌరవ వేతనం ప్రయాణాల పద్దులో మిగిలిన డబ్బుతో సర్దుకోవచ్చని అనుమతిచ్చారు. సర్దుబాటు కాగితం నేనే టైపు చేసి, నేనే సంతకానికి తీసుకెళ్లాను.

కొత్త బ్యాచ్ మొదలైన రోజు బాగ్‌బేరా వెళ్లాను. ఉదయం షిఫ్టులో ఒక్కరూ లేరు. మధ్యాహ్నం గుమ్మం దాకా జనం. ఆ వేళ కుళాయి రాదు కాబట్టి పెద్దకోడళ్లు, చిన్నకోడళ్లు, ఇద్దరూ ఒక్కసారే వచ్చేశారు. ఒక్కో మిషన్ దగ్గర ఇద్దరు ముగ్గురు.

టీచరు వాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"సూసినావా? పొద్దున్న గోడలకి పాటం సెప్పినాను. ఏటి సెయ్యమంతావు సెప్పు."

"వచ్చినవాళ్లకి హాజరు వేయి" అన్నాను.

"అరవైమందికీనా?"

"అరవైమందికీ."

"మరి పొద్దుటి సిఫ్టు?"

అది వచ్చే ఏడాది పేజీలో చూసుకుందామన్నాను. ఆమె నన్నొక చూపు చూసి, కూర్చోడానికి చోటు లేక గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి చేతికి కత్తెర ఇచ్చింది.