ఖాదర్ సారు కాదన్న తీరు

పూతలపట్టు దాటగానే బస్సు కిటికీలోంచి మామిడి గుజ్జు ఉడికే వాసన వచ్చింది. తీపిగా, కొంచెం పులుపుగా, గొంతులో అంటుకునే వాసన. పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఆ వాసనతో పాటు ఒక మనిషి గుర్తొస్తాడు. తెల్ల చొక్కా, చెవి వెనక పెన్ను, ఎదురుగా ఎవరు నిలబడినా ముందు “కూసోండప్పా” అనే గొంతు. ఆ గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో మేనేజరు ఖాదర్ సారు. బీఎస్సీ అయ్యాక, బీఈడీలో చేరే ముందు ఆయన కింద లెక్కలు రాసే పని చేశాను. నాకు లెక్కలు ముందే వచ్చు. ఆయన దగ్గర నేర్చుకున్నది వేరు.

మామిడి కాలంలో ఆ ఆఫీసుకు తోతాపురి లారీలు ఎన్ని వచ్చేవో చందాలవాళ్ళూ దాదాపు అంతమంది వచ్చేవారు. జాతరకని ఒకరు, వినాయకుడి పందిరికని ఒకరు, మసీదు గోడకని ఒకరు, క్రికెట్టు పోటీలకని ఇంకొకరు. ఫ్యాక్టరీ అంటే డబ్బు చెట్టని అందరి నమ్మకం. నాకైతే ఒళ్ళు మండేది. సారు మాత్రం అందరికీ టీ చెప్పేవారు, అంతా వినేవారు, అప్పటికప్పుడే మాట చెప్పేవారు. ఇస్తానంటే ఇచ్చేవారు. ఇవ్వనంటే “ఈ తూరి కాదప్పా. మీ పని బాగా జరగాల” అనేవారు. అంతే. రేపు రమ్మనడం, ఓనరు ఊర్లో లేడనడం, సీజన్ దెబ్బతిన్నదని ఏడవడం, ఇవేవీ ఆయన నోట వినలేదు. విచిత్రమేమిటంటే, ఉత్త చేతులతో వెళ్ళినవాళ్ళు కూడా మర్నాడు బజారులో కనబడితే ఆయనకు నమస్కారం పెట్టేవారు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. “కాదని మొహమ్మీదే చెప్తే బాధపడరా సార్?”

“పడతారమ్మా, టీ తాగేంత సేపు. నాలుగు తూర్లు తిప్పించుకుని కాదంటే సచ్చేదాకా పడతారు” అన్నారు, తూకం చీటీల మీద సంతకాలు పెడుతూనే.

ఆ మాట నాకే అక్కరకొస్తుందని అప్పుడు అనుకోలేదు. చిత్తూరులో నేను చదివిన హైస్కూలుకు స్వర్ణోత్సవం వచ్చింది. ఖాదర్ సారూ అక్కడే చదివారు, నాకన్నా చాలా ఏళ్ళ ముందు. పూర్వ విద్యార్థులంతా ఒక సంఘం పెట్టుకుని, ఆవరణలో వేదిక కట్టాలని తీర్మానించారు. నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులు, సంఘానికో ఈమెయిల్ గ్రూపు కూడా ఉండేది. కార్యదర్శి మునిరత్నం, నా క్లాసువాడే. చురుకైనవాడు, నోరు కాస్త పెద్దది. అతను పంపిన విన్నపంలో వరసలు కట్టి ఉన్నాయి. అయిదు వేల నూట పదహార్లు ఇచ్చినవాళ్ళ పేరు వేదిక మీది రాతిపలక మీద. వెయ్యి నూట పదహార్లయితే ఉత్సవ సంచికలో. అంతకన్నా తక్కువైతే ఏమిటో రాయలేదు.

నా దగ్గర సరిగ్గా ఆ అయిదు వేల చిల్లరే ఉంది. చీటీ పాడుకుని, మా అమ్మ గాజులు కుదువపెట్టి కూడబెట్టింది. తిరుపతిలో బీఈడీ కౌన్సెలింగ్ జరగబోతోంది. సీటు వచ్చిన రోజే ఫీజు డీడీ చేతిలో ఉండాలి, లేకపోతే సీటు తర్వాతి వాళ్ళకు పోతుంది. ఇంకో ఏడాది ఆగే ఓపిక మా ఇంట్లో లేదు, అప్పటికే సంబంధాల మాటలు మొదలయ్యాయి. అలాగని బడికి కాదని చెప్పడానికీ నోరు రాలేదు. హాస్టల్లో ఉండి ఉచితంగా చదువుకున్నదాన్ని. ఏం రాయాలో తోచక ఊరుకున్నాను.

ఊరుకోవడాన్ని మునిరత్నం ఒప్పుకోవడంగా లెక్కేశాడు. ఒకనాడు నెట్ సెంటర్లో గ్రూపు తెరిస్తే రాతిపలక దాతల జాబితా ఉంది, అందులో నా పేరూ ఉంది. కింద నలుగురు అభినందనలు కూడా రాశారు! మా తెలుగు టీచరుకు ఎవరో చెప్పారట, ఆమె ఎంతో సంతోషపడిందట. నాకు ముందు భయమేసింది, ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. ఎవరిని అడిగి రాశాడు వీడు?

ఆ సాయంత్రమే ఒక పెద్ద జవాబు కాగితం మీద రాసుకుని, టైపు చేసేముందు సారుకు చూపించాను. అమ్మ ఆరోగ్యం, బీఈడీ ఫీజు, ఇంటద్దె, తమ్ముడి పుస్తకాలు, వచ్చే ఏడాది తప్పక ఇస్తానన్న మాట, మూడు చోట్ల క్షమాపణ. ఆయన మొత్తం చదివి, చెవి వెనక పెన్ను తీసి బల్ల మీద పెట్టారు.

“ఇన్ని కారణాలు యాలమ్మా? ఒకో కారణానికి వాళ్ళు ఒకో మందు సెప్తారు సూడు. ఫీజంటే రెండు నెల్లు ఆగి ఇయ్యమంటారు. అమ్మకు బాగలేదంటే సగమియ్యమంటారు. అప్పుడేం సేస్తావు? ఇంగో కారణం ఎతుక్కోవాల.”

“ఊరికే కాదంటే పొగరనుకోరా సార్?”

“ఇష్టముంటే ఒకటే కారణం సెప్పు, నిజం సెప్పు. బేరానికి మాత్రం పెట్టొద్దు. మళ్ళ ఈడ వచ్చే ఏడాది అని రాసినావే, నిజంగా ఇస్తావా?”

“ఏమో సార్.”

“ఏమో అయితే కొట్టెయ్. అది కూడా అప్పే. ఏడాదంతా మోస్తావు.” కాగితం నా వైపు జరిపారు. “నువ్వు ఇయ్యకపోతే వాళ్ళకేం నష్టం లేదమ్మా. సెప్పకపోతేనే నష్టం. నీ డబ్బు కూడా లెక్కలో ఏసుకుని మేస్త్రీకి మాటిచ్చేస్తారు. పలక మీద పేరు సెక్కకముందే సెప్పు.”

“గ్రూపులో అందరికీ పెట్టమంటారా?”

“వద్దు. అడిగినోడు ఒకడు, ఆ ఒకడికే రాయి. వాడే జాబితా సరిచేస్తాడు. సెయ్యకపోతే అప్పుడు సూస్తాం.”

మొత్తం కొట్టేయగా మిగిలింది ఇది. “మునిరత్నం, వేదిక కట్టాలనుకోవడం చాలా సంతోషం. ఈసారి నేను విరాళం ఇవ్వలేను. నేను మాట ఇవ్వలేదు కాబట్టి జాబితాలోంచి నా పేరు తీసెయ్. ఉత్సవానికి తప్పక వస్తాను. వనజ.” ఉత్సవం మాట సారే రాయించారు. “డబ్బియ్యనోళ్ళు పోగూడదని యాడుండాది? మొహం సాటేస్తేనే తప్పు సేసినట్టు కనబడతావు” అన్నారు. నెట్ సెంటర్‌కు వెళ్ళి అదే టైపు చేసి పంపాను. నిజం చెప్పాలంటే, పంపాక రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు మునిరత్నం రసీదు పుస్తకంతో ఫ్యాక్టరీకే వచ్చాడు. సారు టీ చెప్పారు. అతను టీ వైపు చూడకుండా నా వైపు తిరిగాడు.

“ఏం వనజా, అట్ల రాసేసినావు? ఆ హాస్టల్ అన్నం తినే కదా పెద్దదానివైనావు!”

ఆ మాట సూటిగా గుచ్చుకుంది. సారు ఏమైనా అంటారని చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు, తల ఎత్తలేదు. ఇది నేనే చెప్పాల్సిందని అర్థమైంది.

“తిన్నా మునిరత్నం. మర్సిపోలా. ఈసారి మాత్రం ఇయ్యలేను.”

“పోనీ సగం? సంచికలో ఏస్తాం పేరు.”

“లేదు. ఈసారి కాదు.”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అతను ఇంకేదో అనబోయి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క, టీ గ్లాసు అందుకున్నాడు. అప్పుడు సారు డ్రాయరు లాగి తన సొంత చెక్కుల పుస్తకం తీశారు. వేదికకు ఎస్టిమేటు ఎంత, ఖాతాకు ఎవరెవరు సంతకం పెడతారు, డబ్బు మిగిలితే దేనికి వాడతారు అని నిదానంగా అడిగారు. మునిరత్నం అన్నిటికీ బాగానే చెప్పాడు.

“చెక్కు నా పేరున రాయండి సార్, తొందరగా చేతికొస్తాది.”

“సంఘం పేరునే రాస్తానప్పా. రేపు ఎవరన్నా ఏమన్నా అంటే నీకే మంచిది.”

మూడు వేలు రాసి, అడ్డంగా రెండు గీతలు గీసి, రసీదు తీసుకున్నారు. పలక కోసం ఇంకో రెండు వేల నూట పదహార్లు కలపమని మునిరత్నం అడిగాడు. “జాబితా సూడకముందే మూడని అనుకున్నా. పలకకోసం పెంచను” అన్నారు సారు నవ్వుతూ.

లేస్తూ మునిరత్నం ఆఖరి రాయి వేశాడు. “సూసినావా వనజా, సారు ఇచ్చినారు.”

“నేనిచ్చింది తీసి ఆమె మీద ఎందుకేస్తావప్పా? నాది నాకు వీలైంది, ఇచ్చినా. ఆమెకు వీల్లేదు, సెప్పింది. రెండు పన్లూ అయిపోయినాయి” అన్నారు సారు. అంటూనే అతన్ని గేటుదాకా సాగనంపి వచ్చారు. ఆ వారంలోనే జాబితాలోంచి నా పేరు పోయింది.

సీటు వచ్చింది. డీడీ కట్టాను. ఉత్సవానికి వెళ్ళాను, భోజనాల బంతిలో కూర్చుని కడుపునిండా తిన్నాను. నాకు సాంబారు వడ్డించింది మునిరత్నమే. తెలుగు టీచరు నా పేరు పలక మీద వెతికిందో లేదో తెలియదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బీఈడీ సంగతులు మాత్రమే అడిగింది.

తర్వాత డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. పనిచేసే బళ్ళో పిల్లలకు చదువుకునే గది కట్టించాలని పూనుకున్నప్పుడు, చందాలకు ఉత్తరాలు రాసే పని నా మీద పడింది. మొట్టమొదటి ఉత్తరం ఖాదర్ సారుకే రాశాను. అప్పటికి ఆయన రిటైరై చిత్తూరులోనే ఉంటున్నారు. ఆయన ఇవ్వకపోవడమన్నది నా ఊహలోనే లేదు. పోస్టు కార్డు మీద వెంటనే జవాబు వచ్చింది. “వనజమ్మకు, గది కట్టాలనుకోవడం చాలా మంచి పని. ఈసారి నేను ఇవ్వలేనమ్మా. పని బాగా జరగాలి. ఇంటికి వస్తూ ఉండు.”

చదవగానే చివుక్కుమంది. అబద్ధమెందుకు? నాకే కాదంటారా అనుకున్నాను. కార్డు మళ్ళీ చదివాను. అందులో విసుగు లేదు, సాకు లేదు, రేపటి ఆశ లేదు. తప్పు పట్టడానికి ఎక్కడా ఏమీ దొరకలేదు. ఇన్నాళ్ళూ ఆయన ఎదుట టీ తాగి ఉత్త చేతులతో వెళ్ళినవాళ్ళ మనసు ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది. చెప్పినందుకు సంతోషమని, ఆదివారం వస్తానని రాసి పంపాను.

ఆదివారం వెళ్ళాను. వాళ్ళావిడ నెయ్యన్నం, దాల్చా చేసింది. సారు బాగా చిక్కిపోయి ఉన్నారు, నడవడానికి గోడ పట్టుకుంటున్నారు. “గది పునాది యాడిదాకా వచ్చిందమ్మా?” అని ఇటుకల రేటు నుంచి కిటికీల దాకా అన్నీ అడిగారు. కార్డు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరం దాచిందేమీ లేదు కాబట్టి ఎత్తాల్సిన అవసరమే రాలేదు. పొద్దువాలే దాకా కబుర్లు చెప్పుకున్నాం.

గది కప్పు పడక ముందే ఆయన పోయారు. ఎందుకు ఇవ్వలేకపోయారో నాకు ఇప్పటికీ తెలియదు, ఎవరినీ అడగలేదు. నాకూ చందాల విన్నపాలు వస్తూనే ఉంటాయి. వీలైతే ఇస్తాను, కాకపోతే ఆ రోజే కాదని రాస్తాను, వేడుకకు మాత్రం వెళ్తాను. ఆ కార్డులో ఆయన ఏదో ఒక సాకు రాసి ఉంటే నేను దాన్ని పట్టుకుని నొచ్చుకునేదాన్ని, ఆ ఆదివారం వెళ్ళేదాన్ని కాదు. సారును చివరిసారి చూసేదాన్నీ కాదు.