ఏదైనా సరే, శనివారమే

అన్నిటికీ తల ఊపే మనిషిని నేను నమ్మను. "అతి వినయం ధూర్త లక్షణం" అని మా బాపు ఊరికే అనేవాడు కాదు. అందుకే మందమర్రి కాలనీలో ఆ దంపతుల ఇంట్లో కూర్చున్న మొదటి రోజే నాకు అనుమానం మొదలైంది.

నస్పూర్‌లో మా ఇంటి ముందుగదిలో కూర్చుని చిన్న వ్యాపారాలకు ఆన్‌లైన్ పనులు చేసి పెట్టడం నా వృత్తి. ఫొటోలు తీసి పోస్టులు పెడతాను, గూగుల్‌లో దుకాణం కనబడేలా చూస్తాను, వాట్సాప్‌లో సరుకుల జాబితా తయారు చేస్తాను. ఆ ఇంటావిడ సకినాలు, గరిజలు, అరిసెలు చేసి అమ్ముతుంది. చుట్టుపక్కల ఇళ్లలోని ఇద్దరు ఆడవాళ్లను కొత్తగా పనిలో పెట్టుకుంది. భర్త బొగ్గుబాయిలో, అంటే గనిలో, సర్దారుగా చేసి రిటైరయ్యాడు. ఒక షిఫ్టు జనాన్నంతా క్షేమంగా దింపి, క్షేమంగా పైకి తెచ్చే బాధ్యత అది. ఆమెను చిన్నమ్మ అనీ, ఆయనను కాక అనీ పిలిచాను.

ఆ ముందటి ఏడు నాకో క్లయింటు ఉండేవాడు. బట్టల షాపు. మాటల మీదే పని ఒప్పుకున్నాను. పోస్టులతో మొదలై విజిటింగ్ కార్డులు, పెళ్లిపత్రికలు, చివరికి వాళ్ల పిల్లల స్కూలు ప్రాజెక్టు దాకా వచ్చింది. కరీంనగర్‌లో మా అవ్వకు కంటి ఆపరేషన్ అయిన రోజు డాక్టరు ఏ చుక్కల మందు ఎప్పుడు వేయాలో చెబుతుంటే, నేను వరండాలో నిలబడి ఒక పోస్టరులో చీర రంగు మారుస్తున్నాను. ఇంటికొచ్చాక మందులు తారుమారు చేశాను. అవ్వ కన్ను వారం రోజులు ఎర్రగా వాచిపోయింది. "పోనీ తియ్యి బిడ్డా" అని అవ్వ అంది గానీ నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

పాలు తాగి నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడు కదా. ఈసారి ఒక పేజీ కాగితం రాసుకుని వెళ్లాను. వారానికి మూడు పోస్టులు. ఒక్కో పోస్టుకు రెండుసార్లే మార్పులు. గూగుల్, వాట్సాప్ జాబితాలు నేను చూస్తాను. కొనేవాళ్లకు జవాబులు, కొరియరు, ఫ్లెక్సీలు నా పని కాదు. సెట్టింగులు నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. శనివారం సాయంత్రం ఐదింటికి రిపోర్టు ఇస్తాను: ఏం చేశాను, దానివల్ల ఏం జరిగింది, వచ్చే వారం ఏం చేస్తాను, మీ నుంచి నాకేం కావాలి. మీ ప్రశ్నలూ అప్పుడే అడగాలి. ఆదివారం చర్చి, ఆ రోజు ఫోను ఎత్తను. ఒక నెల చూసుకుందాం, నచ్చకపోతే వారం ముందు చెప్పి ఎవరైనా తప్పుకోవచ్చు.

"ఇద్దరిలో ఎవరి మాట ఖాయం?" అని అడిగాను. ఇద్దరూ రెండు మాటలు చెబితే నా పని రెట్టింపవుతుంది.

"ఆయనదే," అంది చిన్నమ్మ.

"నాదెక్కడిది? చేతులు కాలేది ఆమెవి. ఆమె మాటనే," అన్నాడు కాక.

ఆమె పేరే రాసుకున్నాను. తర్వాత ఆయన ఫోను నా చేతికిచ్చి, పాస్‌వర్డులన్నీ ఉన్న చీటీ కూడా ముందు పెట్టాడు. నేను చీటీ వెనక్కి తోశాను. అకౌంట్లు మీ పేరుతోనే ఉండాలి, నన్ను మేనేజరుగా చేర్చండి, రేపు నేను మానేస్తే ఒక్క నొక్కుతో తీసేయొచ్చు అని చెప్పాను. అంతకుముందు ఎవరో వాళ్ల పేజీని తన పేరు మీదే తెరిచి, మానేసినప్పుడు దానితోనే వెళ్లిపోయాడట. అయినా ఈయన చీటీ చేతిలో పెట్టాడంటే అమాయకుడన్నా కావాలి, నన్ను పరీక్షిస్తూనన్నా ఉండాలి. రెండోదే అనుకున్నాను.

కాగితాన్ని ఆయన రెండుసార్లు చదివాడు. వేలు ఒక వాక్యం మీద ఆగింది.

"అర్జంటు ఏమన్న ఉంటె?"

బట్టల షాపు వాడికి ప్రతిదీ అర్జంటే. ఇదిగో సందు వెతుకుతున్నాడు అనుకున్నాను.

"ఏదైనా సరే కాకా, శనివారమే."

"ఏదైనా సరేనా?"

"ఏదైనా సరే."

"సరే బిడ్డా. రాసినంక రాసినట్టే," అని సంతకం పెట్టాడు. చిన్నమ్మ చేత కూడా పెట్టించాడు. బేరం లేదు, సణుగుడు లేదు. బస్సులో వస్తూ దారంతా ఆ 'సరే'ను తిరగేసి మరగేసి చూశాను.

ఆ మంగళవారమే ఫోను చేశాడు. గరిజల ఫొటో జర నల్లగ పడ్డదట. "శనివారం చెప్పండి కాకా" అన్నాను. గొంతులో కావాలనే కొంచెం చల్లదనం పెట్టాను. "తప్పయింది బిడ్డా" అని పెట్టేశాడు. నేను గెలిచినట్టు సంతోషపడ్డాను. మొదటి వారమే గీత గట్టిగా గీయకపోతే తర్వాత గీయలేం.

శనివారం రిపోర్టు తీసుకుని వెళ్లాను. చిన్నమ్మ ముఖం వెలిగిపోతోంది. కరీంనగర్‌లో ఒక పెళ్లివారు అమ్మాయి సారెకు నలభై కిలోల సకినాలు, దానికి తగ్గ గరిజలు అడిగారట. ఇంట్లో మాట్లాడుకుని వారంలో ఖాయం చేస్తామన్నారట. "ఇది దొరికితె ఆ ఇద్దరు ఆడోళ్లను ఏడాదంత పనిల ఉంచుకుంట బిడ్డా. లేకుంటె ఈయన బంద్ చెయ్యమంటుండు," అంది. ఆ రోజే ఆదివారాల కోసం వాట్సాప్‌లో తనంతట తానే వెళ్లే జవాబు ఒకటి పెట్టాను: 'ఈరోజు మా వంటకు సెలవు. సోమవారం మాట్లాడదాం.' పని చేస్తుందో లేదో నా ఫోను నుంచి సందేశం పంపి చూశాను. చేసింది. బస్సుకు టైమైందని లేచాను.

ఆ తర్వాత వారమంతా నిశ్శబ్దం. ఫోను లేదు, సందేశం లేదు. నేను పోస్టులు పంపితే బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చేది, అంతే. ఇలాంటి మౌనం నాకు తెలుసు. క్లయింటు మాట్లాడటం మానేశాడంటే ఇంకొకరితో మాట్లాడుతున్నాడని అర్థం. నా ప్రణాళిక పట్టుకెళ్లి ఎవరికో చూపిస్తున్నాడు, తక్కువకు చేసేవాడిని వెతుకుతున్నాడు అనుకున్నాను. వాట్సాప్‌లో ఆయన ఎప్పుడు ఆన్‌లైన్ ఉన్నాడో రోజుకు పదిసార్లు చూసేదాన్ని. ఎవరి నుంచి నా సమయం కాపాడుకోవాలని కాగితం రాశానో, ఆయన మీదే ఆ సమయమంతా పెట్టాను. ఇది ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను గానీ అప్పుడు నిద్ర కూడా సరిగా లేదు.

శుక్రవారం నాటికి తప్పుకుంటున్నానని ఒక ఉత్తరం రాసి సంచిలో పెట్టుకున్నాను. వాళ్లు తీసేసేదాకా ఎందుకు, నేనే ముందు చెబుదామని.

శనివారం వెళ్లేసరికి ఇల్లు చల్లగా ఉంది. నూనె వాసన లేదు. పనివాళ్లిద్దరూ కనబడలేదు. బల్ల మీద పొడుగాటి రిజిస్టరు తెరిచి ఉంది. కాక లోపల నీళ్లు తేవడానికి వెళ్లగానే తొంగిచూశాను. చూడటం తప్పే. ఎడమ పక్కన తేదీ, టైము. కుడి పక్కన 'నస్పూర్ బిడ్డ' అని ప్రతి వరుసలో. సోమవారం ఉదయం తొమ్మిదిన్నర, నస్పూర్ బిడ్డ. సోమవారం పదకొండు, నస్పూర్ బిడ్డ. మంగళవారం నాలుగు వరుసలు.

నాకు ఒళ్లు మండిపోయింది. బాయిలో మస్టరు వేసినట్టు నాకు హాజరు వేస్తున్నాడు! నేనెప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నానో, ఎప్పుడు లేనో!

"ఏంది కాకా ఇది? నేనేమన్న మీ కూలిమనిషినా? నా మీద నిఘా పెట్టిన్రా?" అని అరిచాను. కోపమొస్తే నాకూ మా ఇంటి మాటే వస్తుంది.

ఆయన నీళ్ల చెంబు బల్ల మీద పెట్టి, రిజిస్టరు నా వైపు తిప్పాడు. "మొత్తం సదువు బిడ్డా. వరుస కిందికి కూడ రాసి ఉన్నది."

చదివాను. 'సోమవారం తొమ్మిదిన్నర. నస్పూర్ బిడ్డను అడగాలె: వచ్చినోళ్లందరికి సెలవు అని పోతుంది. ఈరోజు సోమవారమే గద. ఫోన్ చెయ్యలేదు.' 'పదకొండు. మల్ల సెలవు అనే పోయింది. సెట్టింగు ముట్టుకోవద్దని రాసి ఉన్నది. ముట్టలేదు.' 'మంగళవారం. కరీంనగర్ పెళ్లివారు మెసేజ్ పెట్టిన్రు. వాళ్లకు సెలవు అని పోయింది. ఫోన్ చెయ్యలేదు.' 'మంగళవారం మధ్యాహ్నం. మా ఆమె పొయ్యి కాడికెల్లి లేచి వాళ్లకు ఫోన్ చేసింది. పెళ్లి ముంగట పెట్టుకుని సెలవంటె ఎట్ల అని అక్కడనే వేరేకాడ చెప్పుకున్నరంట.'

బుధవారం నుంచి నిన్నటి దాకా ఒకటే మాట. ఫోన్ చెయ్యలేదు.

నేను పరీక్ష కోసం 'ఎప్పుడూ పంపు' అని పెట్టి, 'పనివేళలు కానప్పుడే' అని మార్చడం మర్చిపోయాను. బస్సు తొందరలో.

"ఒక్క ఫోను చెయ్యకపోయిన్రా కాకా?" అన్నాను.

"అడిగిన గద మొదటి రోజు. అర్జంటు ఉంటె ఎట్లని. ఏదైనా సరే అన్నవ్. బాయిల రాసిన కాయిదం దాటితె మనుషులు పోతరు. ముప్పై ఏండ్లు దాటలే. మొదటి వారం మంగళవారం ఒక్కపారి దాటిన, తప్పని చెప్పినవ్."

ఆయన గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. ఉంటే నాకు సులువయ్యేది. లేదు.

చిన్నమ్మ వంటింటి గడపలో కూర్చుని మిగిలిన నువ్వులు చాటలో ఎగరేసి చెరుగుతోంది. తల ఎత్తకుండానే అంది: "నువ్వు చూసుకుంటవని మేం ఊకున్నం బిడ్డా. నువ్వు మమ్ముల దొంగలనుకున్నవ్."

సంచిలోని ఉత్తరం మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ ఇంట్లో తప్పుకోవడానికి నాకు హక్కు లేదనిపించింది. కాక ఫోను తీసుకుని ముందు సెట్టింగు మార్చాను. నా ఫోను నుంచి ఒక సందేశం పంపాను, ఏ జవాబూ రాలేదు. చిన్నమ్మ ఫోను నుంచీ, పక్కింటావిడ ఫోను నుంచీ పంపి చూశాను. తర్వాత కాగితం తెరిచి ఒక వాక్యం చేర్చాను: ఆర్డరు పోయే పని, కొనేవాళ్లకు తప్పు మాట వెళ్లే పని, అకౌంటు తెరుచుకోకపోవడం, ఈ మూడింటికీ ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, ఆదివారమైనా. వాళ్లిద్దరి సంతకాలూ తీసుకున్నాను.

అయిపోయిందనుకున్నాను. కాక రిజిస్టరు మళ్లీ నా ముందుకు జరిపాడు. చివరి వరుసలో తేదీ, టైము రాసి ఉన్నాయి. 'కారణం' అన్న చోటు ఖాళీగా ఉంది.

"సరి చేసినోళ్లే రాయాలె. బాయిల అట్లనే," అన్నాడు.

'నా పొరపాటు' అని రాసి ఇచ్చాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, పెన్ను తిరిగి నా చేతికే ఇచ్చాడు. "పొరపాటు కారణం కాదు బిడ్డా. ఎందుకయిందో రాస్తెనే ఎనుకొచ్చే షిఫ్టోనికి తెలుస్తది."

చెరుగుడు చప్పుడు ఆగిపోయింది, చిన్నమ్మ కూడా చూస్తోందని తెలుస్తూనే ఉంది. నా మాట కొట్టేసి కింద రాశాను: 'వీళ్లు నన్ను వాడుకుంటారని భయపడి, పిలిచే దారి మూసేశాను.' దాని కింద సంతకం పెట్టాను.