నెత్తి మీది కుచ్చు, నేను పెట్టిన మెసేజ్

బడి ఫొటో చూసి ఫొటోగ్రాఫర్‌కు మెసేజ్ పెట్టేటప్పుడు మీరు దిద్దమనేది కెమెరా తప్పునా, మీ బిడ్డనా? నేను రెండింటినీ ఒకే మెసేజ్‌లో పెట్టాను. కనిపించిన ప్రతి మూఢనమ్మకంతోనూ తగువు పెట్టుకునే నేనే పెట్టాను.

మా అమ్మాయి మూడో తరగతి. పొట్టి జుట్టు, నెత్తిన రెండు సుడులు. ఎంత నూనె పెట్టి దువ్వినా నడినెత్తిన ఒక కుచ్చు పిట్ట తురాయిలా లేచి నిలబడుతుంది. పరకాల నుంచి వచ్చిన మా అత్తగారు పిల్ల ఉయ్యాలలో ఉండగానే తల తడిమి, "రెండు సుడులు, రెండు పెండ్లిండ్లు" అని దిగులు పెట్టుకున్నారు. వెంట్రుకలు తిరిగిన తీరుకూ పెళ్లికీ సంబంధమేమిటని అడిగేదాన్ని. అసలు ఆడపిల్ల రెండో పెళ్లి చేసుకుంటే మునిగేదేమిటనీ అడిగేదాన్ని.

"నీ ముచ్చట తర్వాత. జర నూనె సీసా అందుకో" అనేవారు.

ఈ ఏడాది బళ్లో పసుపు షామియానా కింద ఫొటోలు తీశారు. ఐడీ కార్డుకూ అదే ఫొటో. నమూనాలు తరగతి వాట్సాప్ గ్రూపులోకి వచ్చాయి. లేత నీలం యూనిఫాం పసరు రంగులో ఉంది. కుచ్చు మాత్రం ఉన్నదున్నట్టు నిటారుగా ఉంది. నేను రాశాను: "భాయ్, యూనిఫాం లేత నీలం. రంగు సరిచేయండి. అట్లనే నెత్తి మీద లేచిన వెంట్రుకలు నీట్‌గా చేయండి."

మర్నాడు ఫొటో వచ్చింది. యూనిఫాం చక్కటి నీలం. జుట్టు నున్నగా, పలకలా ఉంది. మా అత్తగారు ఫోన్ లాక్కుని రెండు వేళ్లతో పెద్దది చేసి చూశారు.

"సుడులు పోయినయి. ఇగ ఫికర్ లేదు, ఒక్కటే పెండ్లి."

"అత్తమ్మా, అవి కంప్యూటర్‌లో పోయినయి."

"ఎట్ల పోతేంది, పోయినయి గద. పైసా ఖర్చు లేకుంట నువ్వే తీయించినవ్. ఇన్నేండ్లకు నా తొవ్వకొచ్చినవ్ బిడ్డా."

ఫోన్ తిరిగి లాక్కున్నాను. అప్పటికే ఆ ఫొటో పరకాల బంధువుల గ్రూపుకు చేరింది.

సాయంత్రం బడి నుంచి వచ్చిన మా అమ్మాయి ఫొటో చూసి మొహం ముడుచుకుంది. "ఇది నేను కాదు. నా పాపిట ఎడమదిక్కు. ఇది నా పక్కన కూసునే దాని జుట్టు. ఏడాదంత దాని జుట్టు మెడల ఏస్కొని తిరగాల్నా? నేనైతే తిరగ."

ముగ్గురం ఆటోలో వరంగల్ చౌరస్తా దగ్గరి స్టూడియోకు పోయాం. ఫొటోగ్రాఫర్ భాయ్ దాచిపెట్టిందేమీ లేదు.

"ఒక్కొక్క ఎంటికె చెరుపుతాంటే పొద్దు పోతాంది మేడమ్. తరగతిల ఒక పిల్ల జుట్టు నీట్‌గ దొరికింది. నీట్‌గ చేయుమన్నోళ్లందరికి అదే అతికిచ్చిన."

తరగతి మొత్తాన్ని తెర మీదికి తెచ్చాడు. సగం మంది ఆడపిల్లల నెత్తిన ఒకే జుట్టు, ఒకే పాపిట. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక కింద కూలబడింది.

"మరి యూనిఫాం రంగు?" అన్నాను.

"అది షామియానా పని. ఒక పిల్ల తెల్ల కాలర్‌ను తెల్లగ తెచ్చిన. అది కుదిరితే తతిమా రంగులు వాటంతటవే కుదురుతయి. అందరిది ఒకటే వెలుగు గద, అదే లెక్క అందరికి పెట్టిన. ప్రింటుకు రేపు పొద్దున పోతది. ఏం జేయమంటరు?"

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి అంది: "రంగు ఉండనియ్యుండ్రి అంకుల్. నా జుట్టు నాకియ్యుండ్రి."

"వద్దు కొడుకా, గట్లనే ఉంచు" అంటూ మా అత్తగారు కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడ్డారు.

మా అమ్మాయి ఆమె కొంగు పట్టి లాగింది. "నాయినమ్మా, రెండు పెండ్లిండ్లయితే నీకు రెండుసార్లు పట్టుచీరె పెడ్తరు."

నా వాదనలన్నీ ఎన్నడూ చేయలేని పని ఆ మాట చేసింది. ఆమె కొంగు సర్దుకున్నారు. "రెండోసారి గద్వాల చీరె పెట్టాలె" అని పక్కకు జరిగారు.

భాయ్ అతికించిన జుట్టు తీసేశాడు. కుచ్చు లేచి నిలబడింది. "జుట్టు చెదరగొట్టుమన్నోళ్లు మీరే మొదలు మేడమ్" అన్నాడు.

చెదరగొట్టమనలేదు, ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నాం. యూనిఫాం రంగు చెడగొట్టింది షామియానా. దాన్ని దిద్దించాల్సిందే, ఎందుకంటే అది అబద్ధం. కుచ్చు అబద్ధం కాదు. ఫోన్ తీయండి. మీరు రాసిపెట్టుకున్న మెసేజ్‌లో రంగు గురించిన మాట ఉంచండి. జుట్టు గురించిన మాట తుడిచేసి, అప్పుడు పంపండి.