నడిచొచ్చే ఆరుగురు

కొత్తగూడ దగ్గర అడవి అంచున ఉన్న బడిలో నేను ఇంగ్లిష్ చెప్తాను. మాది రఘునాథపల్లి వైపు. నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి పిల్లలందరికీ తెలుసు. తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదన్న సంగతి మాత్రం నాకొక్కడికే తెలుసనుకునేవాణ్ణి.

పరీక్ష పెట్టే ముందు జవాబుల కాగితం, అంటే కీ, నేనే రాసి సంతకం పెడతాను. సంతకం పడ్డాక దాన్ని మార్చకూడదన్నది నేను పెట్టుకున్న పద్ధతి. కీ తప్పని ఎవరైనా అంటే, కీలో ఉన్న జవాబు పదిసార్లు రాసుకుని రావాల్సిందే. అదో పెద్ద క్రమశిక్షణ అని నాకు గొప్ప.

మొన్నటి ఏడాది మహబూబాబాద్‌లో జరిగే ఇంగ్లిష్ పోటీకి బడికి ఒక్కరినే పంపమన్నారు. గెలిస్తే ఇంటర్ చదువు హాస్టల్‌తో సహా ఉచితం. పదో తరగతికి పరీక్ష పెట్టాను. అందులో ఒక ప్రశ్న: "షీ ఈజ్ వన్ ఆఫ్ ద గర్ల్స్ హూ... టు స్కూల్." ఖాళీలో వాక్ రాయాలా, వాక్స్ రాయాలా? నేను కీలో వాక్స్ అని రాశాను. వన్ ఆఫ్ కనబడితే కళ్లు మూసుకుని ఏకవచనం పెట్టండని ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి మరి.

తండా నుంచి వచ్చే ఒక పిల్ల వాక్ అని రాసింది. ఆ ఒక్క మార్కు పోయి రెండో స్థానంలో పడింది. ఆ మార్కు కలిస్తే తనే మొదటిది. పేపర్లు ఇచ్చిన రోజు లేచి నిలబడింది.

"సార్, మా తండా నుంచి ఈ క్లాసుకు ఆరుగురం నడిసొస్తం గద. నడిసొచ్చెటోళ్లల్ల నేనొకదాన్ని. ఆరుగురు నడుస్తుంటె వాక్స్ ఎట్లయితది సార్?"

"ఏందే, నాకే గ్రామర్ నేర్పుతున్నవా? గిదేమన్న తండా ఇంగ్లిషా? కూసో!" అన్నాను.

క్లాసంతా గొల్లున నవ్వింది. పిల్ల తల దించుకుని కూర్చుంది. బీఎడ్ చదివే రోజుల్లో నా యాస విని కోస్తా వాళ్లు ఇట్లాగే నవ్వితే, అన్నం కూడా సహించేది కాదు నాకు. ఆ సంగతి అప్పుడు గుర్తే రాలేదు. పదిసార్లు రాసుకుని రమ్మన్నాను.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో, ఆ పిల్ల చెప్పిందే నిజమేమోనని అనుమానం వచ్చి, బీరువాలోని పాత గ్రామర్ పుస్తకం తీశాను. హూ అన్న మాట దాని ముందున్న గర్ల్స్‌కు చెందుతుంది, వన్‌కు కాదు. నడిచే అమ్మాయిలు చాలామంది, ఈమె వాళ్లలో ఒకతె. కాబట్టి వాక్. ఆ గుంపులో ఈమె ఒక్కతే నడుస్తుందని చెప్పాలంటే ద ఓన్లీ వన్ అనాలి, అప్పుడే వాక్స్. హూ లేకుండా వన్ ఆఫ్ ద గర్ల్స్ అంటేనే నేను చెప్పే ఏకవచనం సరిపోతుంది. సగం సూత్రం పట్టుకుని ఇన్నేళ్లు ఊరేగాను. ఛీ, ఆ పిల్ల పుస్తకం చూడకుండానే సరిగ్గా చెప్పింది.

పోటీకి పంపే పేరు రాసిన కాగితం ఇంకా నా బల్లమీదే ఉంది. మూడింటికి హెడ్‌మాస్టర్ సంతకం. ఇంకా రెండు గంటల టైముంది. పేరు కొట్టేసి ఇంకో పేరు రాయడానికి నిమిషం చాలు.

"ఏమైంది సార్, గట్లున్నరు?" అంది లెక్కల మేడం.

"ఏం లేదు మేడం. తలకాయ నొస్తుంది."

క్లాసుకు వెళ్లి నాదే తప్పని చెప్తే, పొద్దున ఆమెను చూసి నవ్విన వాళ్లే నన్ను చూసి నవ్వుతారు. అదొక్కటే నా భయం, ఇంకేం లేదు. మూడింటికి కాగితం అట్లాగే పంపించాను.

మర్నాడు ఆ పిల్ల పదిసార్లు రాసుకొచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎర్రపెన్నుతో టిక్కు పెట్టి సంతకం చేశాను. ఆ సంతకం చేసిన చేతిని ఏమనాలి?

మార్చిలో పదో తరగతి పరీక్షలు వచ్చాయి. ఇంగ్లిష్ పరీక్ష అయిన రోజు నేను సెంటర్ గేటు బయట నిలబడ్డాను. నన్ను చూసి ఆ పిల్ల పరుగున వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"సార్, మీరు రాపిచ్చిన అసొంటిదే వచ్చింది! వన్ ఆఫ్ ద బాయ్స్ హూ అని ఇచ్చి, ప్లేనా, ప్లేసా అన్నరు. ప్లేస్ అని రాసిన సార్. ఈపారి తప్పు చెయ్యలే."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా.

"మంచిగ రాసినవ్ బిడ్డా" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి, చెట్టు కింద నిలబడ్డ మిగతా ఐదుగురికి కేకేసి చెప్పింది: "కరెక్టేనట! నేను చెప్పలేదానె, సార్ చెప్పినట్టే రాయాలెనని!"

ఆరుగురూ అదే రాశారట. సంబరంగా నాకు చెయ్యి ఊపి, తండా దారి పట్టి నడుచుకుంటూ వెళ్లిపోయారు.