సెకనుకు 10.44 మీటర్లు

ముత్తియాల్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్‌లో డెమో క్లాసు చెప్పమన్నారు. నాకు యాభై దాటాయి. నేను పనిచేసిన కంపెనీ మూతపడింది, ఇంకో ఉద్యోగం కనుచూపు మేరలో లేదు. ఒకప్పుడు బాగా కలిగిన కుటుంబం మాది; తాతగారి మేడ ఏనాడో చేతులు మారినా, పని కోసం ఒకరి ముందు పరీక్షకు నిలబడిన మొదటివాణ్ణి మా ఇంట్లో నేనే. అక్కడి పద్ధతి ఏమిటంటే, పాఠం అయ్యాక, నచ్చిన విద్యార్థులు చేతులెత్తాలి. సగానికి పైగా లేస్తేనే పని.

కుర్చీ వేసినా కూర్చోలేకపోయాను. గుమ్మం దాకా వెళ్లడం, వెనక్కి రావడం. లోపల, ఈ తమిళ ఊళ్లోని తెలుగు బ్యాచ్: యానాం నుంచి వచ్చినవాళ్లు, ఇక్కడే పుట్టినవాళ్లు. సెంటర్ యజమాని వెనక బెంచీలో కూర్చుని లెక్క ఇచ్చాడు. వంద మీటర్ల రికార్డు పరుగులో సగటు వేగం సెకనుకు 10.44 మీటర్లు. గంటకు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని మైళ్లు?

గంటకు 3600 సెకన్లు, కిలోమీటరుకు 1000 మీటర్లు, కాబట్టి 3.6తో హెచ్చవేయాలన్నాను. 37.58 వచ్చింది. తల ఊపారు.

"మైళ్లు నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. మా తాతగారి కారులో స్పీడు మీటరు మైళ్లలోనే ఉండేది," అన్నాను. అడగని మాట. మైలంటే 1.609 కిలోమీటర్లని రాసి, అదే ఊపులో దానితోనూ హెచ్చవేశాను. 60.47.

కోసపాళయం నుంచి వచ్చే ఒకామె, కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది, చెయ్యెత్తింది.

"సార్, మీ తాత కారు మీటర్లో అరవై అంటే స్పీడేనా?"

"చాలా స్పీడమ్మా. గంటకు తొంభై ఆరు కిలోమీటర్లు."

"అయితే ఆ మనిషి కాళ్లతో కారంత స్పీడు యాడ పోతాడు సార్? పైన ముప్పై ఏడే అన్నారే!"

"కారుకే పోటీ పెట్టేసినారు సార్!" అని ఎవరో అందుకున్నారు. గదంతా నవ్వింది.

పుస్తకంలోనే అలా ఉందనవచ్చు, కావాలనే తప్పు రాసి మిమ్మల్ని పరీక్షించాననవచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. యజమాని వాచీ చూసుకుంటున్నాడు. డస్టర్ తీసుకున్నాను.

"తప్పు నాదే. కిలోమీటరు కన్నా మైలు పెద్దది. అదే దూరాన్ని పెద్ద కొలతతో కొలిస్తే అంకె తగ్గాలి. భాగించాలి."

37.58ని 1.609తో భాగించాను. 23.36. సరిచూడడానికి 23.36ని 1.609తో హెచ్చవేయమని ఆమెకే చెప్పాను. నోటుబుక్కులో చేసి చూసి, "37.58 పైన కొంచెం. సరిగా వస్తాది సార్," అంది.

చేతులెత్తమన్నాడు యజమాని. నేను బోర్డు వైపే తిరిగి నిలబడ్డాను. వెనక బెంచీలు కదిలిన చప్పుడు, ఎవరో గుసగుసగా "ఏంది, ఎత్తాల్నా?" అనడం వినిపించాయి.

"సోమవారం నుంచి రండి," అన్నాడు యజమాని. "కారు సంగతి మాత్రం వద్దు."

సరేనన్నాను. ఎన్ని చేతులు లేచాయో అడగలేదు.