కాడికి పెట్టిన బొట్టు

సరస్వతమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది, గిత్తల దగ్గర తప్ప. శావల్యాపురం పక్క ఊళ్లో ఆమె కొట్టంలో అడుగుపెడితే గొంతు దానంతట అదే మెత్తబడుతుంది. ఇంట్లో మొగుడు వెంకట్రామయ్యకు దొరకని "నాయనా" అన్న పిలుపు అక్కడ రెండు గిత్తలకు దొరుకుతుంది. ఒకటి పిడుగు, ఇంకోటి ముత్యం.

పిడుగు పేరుకు తగ్గట్టే కొండంత ఉంటుంది. ముత్యం చూపుకి ఆనదు, మూపురం కూడా ఒక పక్కకి ఒరుగుతుంది. ఆ రెండూ కలిసి బండలాగుడు పందెంలో దిగితే మాత్రం జనం గుడ్లప్పగించి చూడాల్సిందే. పోయినేడు గురజాల వైపు తిరునాళ్లలో మొదటి బహుమతి వాటిదే. గెలిచి ఇంటికొచ్చినప్పుడల్లా సరస్వతమ్మ పిడుగుకే ముందు బొట్టు పెట్టేది. ఊరు కూడా పిడుగునే మెచ్చుకునేది.

ఈ ఏడు పందెం దగ్గర పడుతుండగా వరసకు అక్క కొడుకైన మధుబాబు వచ్చాడు. అతని గిత్త సింగం కూడా ఇంకో జతలో గెలిచిందే.

"పిన్నీ, నీ పిడుగు, నా సింగం. ఇద్దరు మొనగాళ్లను ఒక కాడికి కడితే ఇంక ఆపేదెవరు? ఆ ముత్యాన్ని ఎవరికన్నా సేద్యానికిచ్చెయ్."

ఆమెకీ అదే న్యాయంగా తోచింది. ముత్యాన్ని క్రోసూరు రైతు ఒకాయన తోలుకుపోయాడు. వీధి మలుపు దాకా అది వెనక్కి చూస్తూనే ఉంది. ఆమె చూడనట్టు లోపలికెళ్లిపోయింది.

గిత్తలు తోలే జక్కయ్య పొలంలో బండ కట్టి కొత్త జతను అదిలించాడు. పిడుగు ఉరికింది. అది ఊపిరి తీసుకునేసరికి సింగం ఉరికింది. దేని బలం దానిదే. బండ అడ్డం తిరిగి మట్టిలో కూరుకుంది. మళ్లీ మళ్లీ చూశారు. ఇద్దరు మొనగాళ్లు, బండ ఒక్క అడుగు కదల్లేదు.

"ఇదేందిరా జక్కయ్యా! కాటా మీదెక్కిస్తే ఈ జతే గదా ఎక్కువ తూగేది?"

"తూకం కలుస్తదక్కా. ఊపు కలవాలి గదా!"

ఆమె మర్నాడే క్రోసూరు వెళ్లింది. ఆ రైతు మంచివాడు కాబట్టి సరిపోయింది, కాకపోతే కాళ్లయినా పట్టుకునేది. ముత్యం అంత దూరం నుంచే ఆమెను గుర్తుపట్టి అరిచింది. ఆ అరుపుకి ఆమెకు కళ్లమ్మట నీళ్లు వచ్చేశాయి.

దాన్ని తెచ్చి పిడుగు పక్కన కట్టారు. ఈసారి సరస్వతమ్మ దూరంగా కాకుండా బండ పక్కనే నడిచింది. అప్పుడు కనిపించింది ఇన్నేళ్లూ ఆమె చూడనిది. జక్కయ్య అదిలించకముందే ముత్యం చెవులు ముందుకి పెట్టి మెడ కొంచెం వంచింది. కాడిలో ఆ చిన్న కదలిక తగలగానే పిడుగు ఒళ్లంతా బిగిసింది. ఎనిమిది కాళ్లు ఒక్కసారే నేలను తన్నాయి. బండ కింద నేల గుర్రుమంది. ఆమె ఒళ్లు గగుర్పొడిచింది. తన కొట్టంలోనే తిన్న గిత్తలు, తన చేత్తోనే తోమిన గిత్తలు. అయినా వాటి మధ్యన ఉన్నది తను పెంచింది కాదనిపించి, దేవుడెదురైనట్టు చేతులు జోడించింది.

మధుబాబు ఉండబట్టలేకపోయాడు. "అర్థమైంది పిన్నీ! అసలు మొనగాడు ముత్యమన్నమాట. దాన్ని నా సింగానికి కడదాం, పట్టు."

సరస్వతమ్మకు కూడా క్షణం అలాగే అనిపించింది. సరే చూడమంది. ముత్యం మెడ వంచింది, చెవులు పెట్టింది. సింగానికి ఆ మాట తెలియదు. తన ఇష్టమొచ్చినప్పుడు గుంజింది. ముత్యం తూలి మోకాళ్ల మీద పడింది.

"ఆపండ్రా!" అని ఆమె పరుగెత్తి కాడి విప్పించి, ముత్యం మోకాళ్లు తడిమింది. దెబ్బ తగల్లేదు. "చానా తప్పు చేశా నాయనా, పిడుగు పక్కన తప్ప నిన్ను ఇంకెవరి పక్కనా కట్టను" అంది.

పందెంలో పిడుగు, ముత్యం మళ్లీ మొదట నిలిచాయి. ఇంటి ముందు జనం మూగారు. సరస్వతమ్మ పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చింది.

"పిన్నీ, ఇప్పుడన్నా చెప్పు, ఈ రెండిట్లో గెలిచిందేది?" అన్నాడు మధుబాబు.

ఆమె పిడుగు ముందు నిలబడింది, చెయ్యి లేవలేదు. ముత్యం ఎదుటికి వెళ్లి నిలబడింది, అక్కడా లేవలేదు. వెంకట్రామయ్య అప్పుడే విప్పిన కాడిని గోడకు ఆనిస్తున్నాడు.

"ఏమయ్యా, దాన్ని అక్కడ పెట్టమాక, ఇటు తే" అంది. కాడికి నడుమ, ఏ మెడా ఆనని చోట, వంగి బొట్టు పెట్టింది.